నాయనకు మెలియాయిడోసిస్: ఐదు వారాలకే మాత్రలు సగం చేశాం, తప్పా?

ఏర్పేడు_రైతుబిడ్డ | జనవరి 27, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది ఏర్పేడు దగ్గర పల్లె. నాయనకు 57 ఏళ్లు, బరువు 63 కిలోలు, షుగరు వచ్చి పన్నెండేళ్లయింది. మూడెకరాల వరి సేద్యం. అక్టోబరులో వానలు పడగానే ఎప్పటిలాగే ఉత్తకాళ్లతో కయ్యలోకి దిగారు. మడమలు పగిలి ఉన్నాయి, ఎవరమూ పట్టించుకోలేదు.

నవంబరు మొదట్లో జ్వరం, దగ్గు మొదలయ్యాయి. సాయంత్రమయ్యేసరికి వణుకు వచ్చేది. మూడు వారాల్లో ఆరు కిలోలు తగ్గారు. కళ్లె పరీక్ష రెండుసార్లు చేస్తే ఏమీ రాలేదు. అయినా టీబీ అనుకుని ఆ మందులు మొదలుపెట్టారు. జ్వరం తగ్గలేదు. తిరుపతిలో పెద్దాసుపత్రిలో చేర్చాం. స్కాన్‌లో ఊపిరితిత్తిలో ఒక మచ్చ, ప్లీహంలో చిన్న చిన్న చీముగడ్డలు కనిపించాయి. రక్తం కల్చర్‌లో మెలియాయిడోసిస్ అని తేలింది. ఆ పేరు నేను అప్పుడే మొదటిసారి విన్నాను.

సెఫ్టాజిడిమ్ 2 గ్రాములు, ఎనిమిది గంటలకోసారి, నాలుగు వారాలు రక్తనాళంలోకి ఎక్కించారు. డిసెంబరు 20న ఇంటికి పంపుతూ కోట్రైమాక్సజోల్ డీఎస్ మాత్రలు పొద్దున రెండు, రాత్రి రెండు రాశారు. ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు ఒకటి. కనీసం మూడు నెలలు ఆపకూడదన్నారు.

ఇప్పుడు నాయన బాగున్నారు. జ్వరం లేదు, అన్నం తింటున్నారు, బరువు పెరిగారు. పోయిన వారం మా ఊరి మందులషాపులో "రోజుకు నాలుగు డీఎస్ మాత్రలా? కిడ్నీలు పోతాయి" అన్నారు. దాంతో నాయన తనంతట తానే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి చేసుకున్నారు. ఈ రోజుకు ఆరు రోజులు. మొన్న రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 1.0 ఉన్నది 1.3 అయింది. అది చూసి ఇంకా భయపడి, మొత్తం ఆపేస్తానంటున్నారు. ఆపొచ్చా? సగం వేసుకున్నా సరిపోతుందా?

మెడికల్‌షాపు_పలమనేరు | జనవరి 27, రాత్రి 10:15

తమ్ముడూ, నేను ఇరవై రెండేళ్లుగా షాపు నడుపుతున్నాను. కోట్రైమాక్సజోల్ డీఎస్ అంటేనే డబుల్ స్ట్రెంత్. మూత్రంలో మంటకైనా, విరేచనాలకైనా పొద్దున ఒకటి రాత్రి ఒకటి, అంతే. రోజుకు నాలుగు అని రాసింది చేతిరాత పొరపాటు అయ్యుండొచ్చు. సల్ఫా మందు కాబట్టి నీళ్లు బాగా తాగించు. ఒంటిమీద దద్దుర్లు వస్తే మాత్రం వెంటనే ఆపాలి. షుగరున్నవాళ్లకు ఈ మందు నెలల తరబడి నేను ఎవరికీ ఇచ్చింది లేదు.

డాక్టర్_తిరుపతి | జనవరి 27, రాత్రి 11:05

పలమనేరు అన్న నీళ్ల గురించీ, దద్దుర్ల గురించీ చెప్పింది నిజం. మోతాదు గురించి చెప్పింది మాత్రం ఈ జబ్బుకు వర్తించదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కు రోజుకు రెండు చాలు. మెలియాయిడోసిస్‌కు బరువు చూసి ఇస్తాం. 60 కిలోలు దాటితే పూటకు రెండు డీఎస్, 40 నుంచి 60 మధ్య అయితే పూటకు ఒకటిన్నర. అది కిడ్నీలు సరిగా పనిచేస్తున్నవారికి. క్రియాటినిన్ బాగా పెరిగితే లెక్క మారుతుంది, కానీ 1.3 అంత పెద్ద మార్పు కాదు. మీ నాయన 63 కిలోలు కాబట్టి చీటీలో రాసింది సరిగ్గానే ఉంది.

క్రియాటినిన్ సంగతి కాస్త వివరంగా చెప్తాను, భయమంతా అక్కడే ఉంది కాబట్టి. ఇందులోని ట్రైమెథోప్రిమ్ అనే మందు, కిడ్నీలు క్రియాటినిన్‌ను మూత్రంలోకి వదిలే దారిని కొంత అడ్డుకుంటుంది. అందుకే కిడ్నీ దెబ్బతినకపోయినా అంకె కొంచెం పెరుగుతుంది. మొదటి వారాల్లో 1.0 నుంచి 1.3కు వచ్చి అక్కడే నిలబడితే సాధారణంగా అదే కారణం. వారం వారం ఎక్కుతూ పోతే మాత్రం నిజంగా దెబ్బ తగులుతున్నట్టే. కాబట్టి ఒక్క రిపోర్టు చూసి మాత్రలు ఆపకూడదు, చూడకుండా వదిలేయనూ కూడదు.

నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది మీరు రాయని అంకె. పొటాషియం ఎంత? బీపీ మాత్ర ఏదైనా వాడుతున్నారా? షుగరుకు ఏం వాడుతున్నారు? ఈ మూడూ రాయండి. పొద్దున్నే ఆసుపత్రికి ఫోన్ చేసి, ఆరు రోజులు సగం వేసుకున్న విషయం దాచకుండా చెప్పండి.

నగరి_సుబ్బు | జనవరి 28, ఉదయం 6:50

ఇది ఎలుక జ్వరం కదా? మా పక్కింటాయనకు పోయినేడు వచ్చింది. ఆయన కూడా కయ్యలో దిగినవాడే. డాక్సీసైక్లిన్ ఏడు రోజులు వేసుకుని లేచి తిరిగాడు. మూడు నెలలు ఎందుకు?

ల్యాబ్_మైక్రో | జనవరి 28, ఉదయం 7:30

సుబ్బన్నా, రెండూ వానకాలంలో, బురదలో దిగినవాళ్లకే వస్తాయి కాబట్టి అలా అనిపించడం సహజం. జబ్బులు మాత్రం వేరు. ఎలుక జ్వరం క్రిమి ఎలుకల మూత్రంతో నీళ్లలోకి వస్తుంది. ఇది మట్టిలోనే కాపురం ఉండే బ్యాక్టీరియా, బర్ఖోల్డేరియా సూడోమల్లై. దీనికి ఎలుకతో పని లేదు. చర్మంలో పగులో, గాయమో ఉంటే చాలు. గాలివానల్లో ఊపిరితో లోపలికి పోవడం కూడా ఉంది.

నేను చిత్తూరు వైపు ఒక ల్యాబ్‌లో కల్చర్లు చూస్తాను. ఇది ఎందుకు ఆలస్యంగా దొరుకుతుందో చెప్పాలని ఉంది. మొదటి రోజు ప్లేట్ మీద చూస్తే మామూలు సూడోమోనాస్‌లానే ఉంటుంది. హడావిడిలో అలాగే రిపోర్టు వెళ్లిపోతుంది. మందుల బిళ్లలు పెట్టిన ప్లేట్ చూసినప్పుడు అనుమానం రావాలి. జెంటామైసిన్, కోలిస్టిన్ చుట్టూ క్రిమి నిక్షేపంగా పెరిగి ఉంటుంది, కో-అమాక్సిక్లావ్ చుట్టూ మాత్రం చచ్చిపోయి ఉంటుంది. మామూలు సూడోమోనాస్ ఇలా ప్రవర్తించదు. ప్లేట్ ఇంకో రెండు మూడు రోజులు ఉంచితే, నున్నగా ఉన్న ఆ చుక్కలు ఎండిన వడియాల్లా ముడతలు పడతాయి. మట్టి వాసన వస్తుందని అంటారు. మేము మాత్రం వాసన చూడకూడదు, ఊపిరితో మాకే అంటుకుంటుంది.

టీబీ అనుకోవడం కొత్త కాదు. 1911లో రంగూన్‌లో విట్‌మోర్, ఆయన సహాయకుడు కృష్ణస్వామి ఈ క్రిమిని మొదట గుర్తించినప్పుడు కూడా, చనిపోయినవాళ్ల ఊపిరితిత్తుల్లో గడ్డలే చూశారు. షుగరున్న రైతు, వానల తర్వాత జ్వరం, కళ్లెలో టీబీ లేదు, ప్లీహంలోనో కాలేయంలోనో చీముగడ్డలు అని చీటీ మీద నాలుగు ముక్కలు రాసి పంపితే, మేము ఆ ప్లేట్‌ను వేరే కళ్లతో చూస్తాం. చాలా చీటీల మీద "జ్వరం" అని ఒక్క మాటే ఉంటుంది.

పుత్తూరు_అక్క | జనవరి 28, ఉదయం 11:20

తమ్ముడూ, నీ పోస్టు చదివి చేతులు వణికాయి. మా ఆయనకు ఇదే జబ్బు, 48 ఏళ్లు, షుగరు. మొదట మోకాలు వాచింది. గుచ్చి చూస్తే చీము. మోకాలు కడిగి, సూదిమందు నాలుగు వారాలు. తర్వాత ఇవే మాత్రలు. ఆయన 52 కిలోలు కాబట్టి పూటకు ఒకటిన్నర. సగం మాత్ర విరిచి అగ్గిపెట్టెలో దాచేదాన్ని, రెండో పూటకు.

రెండు నెలలు కాగానే "నాకేం రోగముంది, గుర్రంలా ఉన్నాను" అని మానేశాడు. నేను కూడా గట్టిగా అడగలేదు. మాత్ర వేసుకున్నప్పుడల్లా కడుపులో తిప్పుతోందని అన్నం మానేసేవాడు, అది చూడలేకపోయాను. ఐదు నెలలు బాగానే ఉన్నాడు. ఆ తర్వాత ఒక రాత్రి చలిజ్వరం, మూత్రం పోయడానికి నరకం. ప్రోస్టేట్‌లో చీముగడ్డ. కల్చర్‌లో మళ్లీ అదే పేరు. మళ్లీ నాలుగు వారాలు ఆసుపత్రి మంచం మీద. ఆవును అమ్ముకున్నాం.

రెండోసారి మాత్రలు నేనే దగ్గరుండి మింగించాను. అన్నం తిన్న వెంటనే వేస్తే కడుపులో తిప్పడం చాలావరకు తగ్గింది. మొదటిసారి ఆ సంగతి ఎవరినీ అడగలేదు.

ఏర్పేడు_రైతుబిడ్డ | జనవరి 28, మధ్యాహ్నం 1:45

అక్కా, నీ మాటలు నాయనకు చదివి వినిపించాను. ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి మాత్రల డబ్బా తెమ్మన్నారు.

డాక్టర్ గారూ, రిపోర్టు మళ్లీ చూశాను. పొటాషియం 5.7 అని ఉంది, పక్కన గీత గీసి ఉంది. నేను క్రియాటినిన్ ఒక్కటే చూశాను. బీపీకి టెల్మిసార్టాన్ 40 వేసుకుంటున్నారు. షుగరుకు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్. ఇంకో విషయం. ఈ నెలలో రెండుసార్లు తెల్లవారుజామున ఒళ్లంతా చెమటలు పట్టి లేచారు, బెల్లం ముక్క పెడితే సర్దుకున్నారు. జబ్బు నీరసం అనుకున్నాం.

మాత్రలు వేడి చేస్తాయని మా అవ్వ రోజూ రెండు కొబ్బరి బోండాలు తాగిస్తోంది. అది చెప్పాలో లేదో తెలియక చెప్తున్నాను.

డాక్టర్_తిరుపతి | జనవరి 28, మధ్యాహ్నం 2:10

చెప్పి చాలా మంచి పని చేశారు. సాయంత్రం దాకా ఆగకుండా ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఈసీజీ తీయాలి, పొటాషియం మళ్లీ చూడాలి. 5.7 అంటే గుండె లయ మీద కన్నేసి ఉంచాల్సిన అంకె. అది ఇంకా పెరిగితే నొప్పి, హెచ్చరిక ఏమీ లేకుండానే గుండె తడబడవచ్చు.

ఏం జరిగిందో చూడండి. ట్రైమెథోప్రిమ్ పొటాషియాన్ని మూత్రంలోకి పోనివ్వదు. టెల్మిసార్టాన్ కూడా అదే పని చేస్తుంది. ఆ పైన రోజూ రెండు బోండాలు, కొబ్బరినీళ్లలో ఉండేదే పొటాషియం. అవ్వ ప్రేమతోనే ఇచ్చింది, ఆమెను ఏమీ అనకండి. ఇక మాత్రం మామూలు నీళ్లే. టెల్మిసార్టాన్ బదులు ఆమ్లోడిపిన్ లాంటిది పెట్టొచ్చు, అది మీ డాక్టర్ చూసి మార్చాలి.

తెల్లవారుజామున చెమటలు షుగరు పడిపోవడమే అని నా అనుమానం. సల్ఫా మందు గ్లిమెపిరైడ్ పనిని పెంచుతుంది. పైగా చీముగడ్డలు తగ్గేకొద్దీ ఒంట్లో షుగరు కూడా దిగుతుంది, పాత మోతాదు ఎక్కువైపోతుంది. ఈ రాత్రి నుంచే గ్లూకోమీటర్ దగ్గర పెట్టుకోండి.

మీ నాయనను ఇబ్బంది పెడుతున్నవి ఎక్కువగా పక్కనున్న మందులు. వాటిని సర్దితే అసలు మందును పూర్తి మోతాదులో కొనసాగించే వీలుంటుంది. ఈ పూట మాత్ర వేయాలా, పొటాషియం దిగేదాకా ఆగాలా అన్నది మాత్రం ఈసీజీ చూసిన డాక్టరే చెప్పాలి, నేను ఇక్కడి నుంచి చెప్పను.

మెడికల్‌షాపు_పలమనేరు | జనవరి 28, సాయంత్రం 5:30

మోతాదు విషయంలో నాది తప్పు, ఒప్పుకుంటున్నాను. పొద్దున మా అబ్బాయితో తిరుపతిలో తెలిసిన డాక్టర్‌ను అడిగించాను, ఆయనా ఇదే చెప్పారు. ఇక మీదట ఎవరైనా నాలుగు డీఎస్ చీటీ తెస్తే, ఏ జబ్బుకో అడిగి ఇస్తాను.

ఒక సందేహం ఉంది. ఫోలిక్ యాసిడ్‌కు అడ్డం పడే కదా సల్ఫా క్రిమిని చంపేది. దాంతోపాటు ఫోలిక్ యాసిడ్ ఇస్తే మందు పని చెడదా?

డాక్టర్_తిరుపతి | జనవరి 28, రాత్రి 8:50

మంచి ప్రశ్న. ఈ క్రిమి బయటి ఫోలిక్ యాసిడ్‌ను వాడుకోలేదు, తనకు కావలసింది తానే తయారుచేసుకుంటుంది. మందు ఆ తయారీనే ఆపుతుంది. మనిషికి మాత్రం తిండి నుంచి వచ్చేదే ఆధారం. నెలల తరబడి పెద్ద మోతాదు వేస్తే ఎముకల్లోని మూలుగలో రక్తకణాలు తగ్గవచ్చు, అందుకే ఆ 5 మిల్లీగ్రాములు. రక్తకణాలు, క్రియాటినిన్, పొటాషియం మొదటి నెల వారానికోసారి, తర్వాత కాస్త ఎడంగా చూడాలి.

దద్దుర్ల గురించి మీరు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. దద్దుర్లతో పాటు జ్వరం, నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడటం ఉంటే ఆ క్షణమే మాత్ర ఆపి ఆసుపత్రికి పరుగెత్తాలి. చర్మం ఊడిపోయే ప్రమాదం అది. తిరిగి ఆ మందు జోలికి పోకూడదు. అలాంటివాళ్లకు డాక్సీసైక్లిన్ గానీ, కో-అమాక్సిక్లావ్ గానీ ఇస్తాం. కో-అమాక్సిక్లావ్‌తో జబ్బు తిరగబెట్టడం ఎక్కువ, అందుకే అది రెండో వరుసలో ఉంది.

ఏర్పేడు_రైతుబిడ్డ | ఫిబ్రవరి 6, రాత్రి 9:10

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. ఆ రోజే తీసుకెళ్లాం. ఈసీజీ బాగుంది. రెండు రోజులు ఉంచుకున్నారు. టెల్మిసార్టాన్ ఆపి ఆమ్లోడిపిన్ పెట్టారు, గ్లిమెపిరైడ్ తీసేసి రాత్రికి కొద్దిగా ఇన్సులిన్ పెట్టారు. పొటాషియం 5.7 నుంచి 5.1కు వచ్చాక మాత్రలు మళ్లీ పూటకు రెండు మొదలుపెట్టారు. నిన్నటి రిపోర్టులో 4.6. క్రియాటినిన్ 1.3 దగ్గరే నిలబడింది. చెమటలు పట్టడం పోయింది.

గోడ మీద క్యాలెండర్‌లో మాత్ర వేసిన ప్రతి పూటకూ మా అవ్వ కుంకుమ బొట్టు పెడుతోంది. చదువు రాదు, కానీ ఒక్క పూట తప్పినా ఆమెకు తెలిసిపోతుంది.

అమ్మ ఒకటి అడగమంది. చిన్నపిల్లలు నాయన మంచం మీదే పడుకుంటారు, అంటుకుంటుందా?

ల్యాబ్_మైక్రో | ఫిబ్రవరి 6, రాత్రి 9:45

అంటుకోదని ధైర్యంగా చెప్పొచ్చు. మనిషి నుంచి మనిషికి రావడం చాలా చాలా అరుదు. పుండు నుంచి చీము కారుతుంటే ఉత్తచేతులతో ముట్టుకోవద్దు, అంతే. పిల్లల్ని దూరం పెట్టకండి. కయ్యలో ఆడుకునేటప్పుడు కాళ్లకు దెబ్బ ఉందేమో చూసుకోండి, అక్కడే అసలు భయం.

వేలూరు_దారి | ఫిబ్రవరి 7, ఉదయం 8:00

మాది చిత్తూరు పక్కన. మా పెద్దనాన్నకు వేలూరులో ఇదే వైద్యం అయింది. ఆయనకు మాత్రలతో పాటు డాక్సీసైక్లిన్ కూడా ఇచ్చారు, మొత్తం ఇరవై వారాలు. మీకు పన్నెండు వారాలే అన్నారు, డాక్సీ లేదు. తక్కువ వైద్యం చేస్తున్నారేమో అడగండి.

డాక్టర్_తిరుపతి | ఫిబ్రవరి 7, రాత్రి 10:20

తక్కువ వైద్యం కాదు. డాక్సీ సంగతి చాలావరకు తేలింది. థాయిలాండ్‌లో కోట్రైమాక్సజోల్ ఒక్కటే ఇచ్చినవాళ్లనూ, డాక్సీ కలిపి ఇచ్చినవాళ్లనూ పోల్చి చూశారు, 2014లో ఆ ఫలితాలు వచ్చాయి. ఒక్కటే ఇచ్చినా జబ్బు తిరగబెట్టడంలో వెనకబడలేదు, డాక్సీ లేనివాళ్లకు ఇబ్బందులు తక్కువ. మీ పెద్దనాన్నకు ఇచ్చినవాళ్లకు వేరే కారణం ఉండి ఉండొచ్చు.

వారాల సంగతి మాత్రం అంత తేలికగా చెప్పలేను. థాయిలాండ్‌లో చాలాకాలం ఇరవై వారాలు ఇచ్చారు. ఆస్ట్రేలియాలోని డార్విన్ వైద్యులు మొదటి విడత సూదిమందును ఎక్కువ రోజులు ఇచ్చి, మాత్రలు మూడు నెలలకు ఆపుతారు. ఎముకకో మెదడుకో పాకితే వాళ్లూ ఆరు నెలలు ఇస్తారు. సూదిమందు పైకి కనిపించే మంటను ఆర్పుతుంది. కణాల లోపల నివురుగప్పిన నిప్పులా దాగినదాన్ని చంపడానికే ఈ మాత్రలు. అది పూర్తిగా చచ్చిందని చెప్పే పరీక్ష మా చేతిలో లేదు. అందుకే షుగరు అదుపులో లేనివాళ్లకూ, మధ్యలో మోతాదు తప్పినవాళ్లకూ నేనైతే కొంచెం పొడిగిస్తాను. నా స్నేహితుడు ఒకాయన అలా చేయడు, మేమిద్దరం ఈ విషయంలో ఇప్పటికీ వాదించుకుంటాం.

ఏర్పేడు_రైతుబిడ్డ | మార్చి 17, రాత్రి 8:30

పన్నెండు వారాలు మొన్న 14కు పూర్తయ్యాయి. స్కాన్‌లో ఊపిరితిత్తి శుభ్రంగా ఉంది. ప్లీహంలో గడ్డలు పోయాయి, ఒకచోట మాత్రం చిన్న మచ్చ మిగిలింది. అది మానిన గుర్తో, మిగిలిన జబ్బో స్కాన్‌తో చెప్పలేమన్నారు. మూడు నెలల షుగరు సగటు 11 నుంచి 7.8కు దిగింది. మధ్యలో ఆరు రోజులు సగం మోతాదు పడింది కదా, అందుకని ఇరవై వారాలకు పొడిగించారు. నాయన ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. జ్వరం తిరిగి వస్తే ఆగకుండా రమ్మన్నారు, ఏడాది వరకు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలన్నారు.

పుత్తూరు_అక్క | మార్చి 17, రాత్రి 9:00

ఎక్కడ జ్వరం చూపించుకున్నా "మెలియాయిడోసిస్ వచ్చింది" అని ముందే చెప్పండి తమ్ముడూ. మేము రెండోసారి చెప్పకపోవడం వల్ల మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అని పది రోజులు పోయాయి. నేను డిశ్చార్జి కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, రేషన్ కార్డుతో పాటు ఉంచాను.

ఏర్పేడు_రైతుబిడ్డ | మార్చి 18, ఉదయం 6:15

అలాగే అక్కా. ఇంకొక్కటి అడుగుతాను. వచ్చే వానలకు నాయన కయ్యలోకి దిగుతానంటున్నారు. మోకాళ్ల దాకా గమ్‌బూట్లు కొనిచ్చాను. నిన్న నీళ్లు పెట్టిన మడిలో వేసుకుని చూస్తే, మూడో అడుగుకే బూటు బురదలో ఇరుక్కుని కాలు ఒక్కటే బయటికి వచ్చింది. నాటు వేసేవాళ్లు ఎవరైనా బురదలో నిలబడే బూట్లు వాడుతున్నారా?

నగరి_సుబ్బు | మార్చి 18, ఉదయం 7:05

మా దగ్గర ఇద్దరు ఆడకూలీలు పాదానికి అతుక్కునే పల్చని రబ్బరు మేజోళ్ల లాంటివి వేసుకుని నాటుతున్నారు. పిక్క దగ్గర తాడుతో కడతారు, బురదలో ఊడవు. ఎక్కడ కొన్నారో కనుక్కుని సాయంత్రం రాస్తాను. మీ నాయన పాదం కొలత చెప్పు.